సగం సగమా, గంటల లెక్కా?

బరంపురంలో ఇద్దరూ ఒకే వేళలకు ఉద్యోగానికి వెళ్లే తెలుగు దంపతులనుకుందాం. వారానికి ఆయన ట్యూషన్లు 6 గంటలు, ఆమె జాకెట్ల కుట్టు 10, ఇద్దరూ పంచుకోవాల్సిన ఇంటి పని 28.

ఇంటి పనే చెరిసగం చేస్తే తలా 14. వినడానికి న్యాయమే, కానీ ఆమెకు మొత్తం 24 గంటలు, ఆయనకు 20. అన్నీ కలిపి 44 గంటలను పంచితే తలా 22. ఇంటి పనిలో ఆయన వంతు 16, ఆమెది 12. నా ఓటు దీనికే, ట్యూషన్ల, కుట్టు సంపాదన ఉమ్మడి ఖర్చుకు వస్తేనే సుమా! ఎవరిది వారు దాచుకుంటే మొదటిదే సరి.

గ్యాస్ బుకింగ్, పాల లెక్క గుర్తుంచుకోవడమూ గంటల్లో చేరాలి. కుక్కరు కూత వేసినప్పుడల్లా కుట్టు మిషనే ఆగుతుంటే లెక్క తప్పినట్టే. దసరా ముందు కుట్టు పెరుగుతుంది; అప్పుడు వంతులు మార్చుకోవాలి.