డైరెక్ట్ డిగ్రీనా, ముందు ఓపెన్ ఇంటరా: ఏది మేలు?

"టెన్త్ అయ్యాక చదువు ఆపేశాను. ఇంటర్ లేకుండా డైరెక్ట్‌గా ఓపెన్ డిగ్రీ చేస్తే గవర్నమెంటు ఉద్యోగానికి పనికొస్తుందా?" ఈ ప్రశ్న నాకు ఎన్ని రకాలుగా వచ్చిందో చెప్పలేను. అడిగేవాళ్లలో సగం మంది ఇంకా చేరనివాళ్లు. మిగతా సగం మంది అప్పటికే ఆ డిగ్రీ చేతిలో పెట్టుకుని టెన్షన్ పడుతున్నవాళ్లు. ఇద్దరికీ ఒకే జవాబు సరిపోదు.

డైరెక్ట్ డిగ్రీ దొంగ డిగ్రీ కాదు, ముందు ఆ అపోహ వదిలేయాలి. దూరవిద్యలో మొదటి డిగ్రీ గురించి యూజీసీ 1985లో తెచ్చిన నిబంధనల్లోనే దీనికి చోటిచ్చారు. పన్నెండేళ్ల స్కూలు చదువు లేనివాళ్లు కూడా, చేరే ఏడాది జులై 1 నాటికి 21 ఏళ్లు నిండి, యూనివర్సిటీ పెట్టే ప్రవేశ పరీక్ష పాసైతే డిగ్రీలో చేరవచ్చని అందులో ఉండేది. 1982లో హైదరాబాద్‌లో మొదలైన మన ఓపెన్ యూనివర్సిటీ, అంటే ఇప్పటి అంబేడ్కర్ యూనివర్సిటీ, ఎలిజిబిలిటీ టెస్ట్ పెట్టి ఎంతోమందిని చేర్చుకుంది. ఇగ్నో వైపు నుంచి బీపీపీ అనే ఆరు నెలల కోర్సు చేసి డిగ్రీలోకి వచ్చినవాళ్లూ ఉన్నారు. అలా వచ్చిన డిగ్రీ పట్టుకుని, "ఏదైనా డిగ్రీ" అని అడిగే ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

చిక్కు డిగ్రీ దగ్గర రాదు, ఇంటర్ దగ్గర వస్తుంది. ఎలిజిబిలిటీ టెస్ట్ పాసైతే డిగ్రీలో సీటు వస్తుంది గానీ ఇంటర్ పాసైనట్టు కాదు. బీపీపీ ఇంటర్‌తో సమానం కాదని ఇగ్నోనే చెబుతుంది. ఇది చాలామందికి సర్టిఫికెట్ వెరిఫికేషన్ దాకా తెలియదు. డిగ్రీ ఉంటే దాని కింద చదువులన్నీ ఉన్నట్టే కదా అనుకుంటారు. నోటిఫికేషన్ అలా లెక్క వేయదు. అది ఇంటర్ అని అడిగితే ఇంటర్ మెమోనే చూపించాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. సురేశ్ అనే కుర్రాడు 2012లో టెన్త్ పాసై పనిలో పడ్డాడనుకోండి. కొన్నేళ్లకు టెస్ట్ రాసి బీఏలో చేరి మూడేళ్లలో పూర్తి చేశాడు. ఎస్సై ఉద్యోగానికి డిగ్రీ అడుగుతారు, చదువు వరకు అతను అర్హుడే. కానిస్టేబుల్‌కి ఇంటర్ అడుగుతారు. పెద్ద పోస్టుకి అర్హత ఉండి చిన్న పోస్టు దగ్గర ఆగిపోయే విచిత్రం ఇక్కడే. కేంద్రంలో స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీహెచ్‌ఎస్‌ఎల్ పరీక్షకూ పన్నెండో తరగతే కావాలి. డీఎడ్‌లో చేరాలన్నా ఇంటర్ ఉండాల్సిందే.

అతనికి లాయర్ కావాలనిపించిందనుకోండి. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లో ఐదో నియమం ఈ విషయంలో చాలా స్పష్టం. దూరవిద్యలో ఇంటర్, డిగ్రీ చేసినా ఎల్‌ఎల్‌బీకి అర్హులే. కానీ ఆ చదువుకి కావాల్సిన కింది అర్హత లేకుండా ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా చేసిన డిగ్రీ పనికిరాదు. ఒకే యూనివర్సిటీలో, ఒకే బ్యాచ్‌లో చదివిన ఇద్దరిలో ఇంటర్ ఉన్నవాడు లా కాలేజీకి వెళ్తాడు, లేనివాడు గుమ్మం దగ్గరే ఆగుతాడు.

ఇక డిగ్రీ కూడా లేకుండా నేరుగా ఎంఏ చేసినవాళ్ల సంగతి 2009లోనే తేలిపోయింది. అన్నామలై యూనివర్సిటీ కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్ల మొదటి డిగ్రీ లేని ఎంఏ చెల్లదని చెప్పింది. ఓపెన్ యూనివర్సిటీలకు వేరే చట్టం ఉంది కదా అన్న వాదన నిలవలేదు. అలాంటి ఎంఏ ఎవరైనా ఇస్తామంటే అటు వెళ్లకండి.

ఇప్పుడు రెండో దారి, ఓపెన్ ఇంటర్. తెలంగాణ ఓపెన్ స్కూల్, ఏపీ ఓపెన్ స్కూల్, లేదా జాతీయ స్థాయిలో ఎన్‌ఐఓఎస్. ఎన్‌ఐఓఎస్‌లో ఐదు సబ్జెక్టులు చాలు, అందులో ఒక భాష ఉండాలి. టెన్త్‌కీ దీనికీ మధ్య రెండేళ్ల ఎడం ఉండాలంటారు, చదువు ఆపి ఏళ్లయినవాళ్లకు అది లెక్కలోకే రాదు. ఒకసారి చేరితే రిజిస్ట్రేషన్ ఐదేళ్లు ఉంటుంది, పరీక్షలు ఏడాదికి రెండుసార్లు జరుగుతాయి. పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు, కాబట్టి ఉద్యోగం చేసుకుంటూ రెండు రెండుగా రాసుకున్నా పరవాలేదు.

కాలం లెక్క వేయండి. బీపీపీ ఆరు నెలలు, డిగ్రీ మూడేళ్లు. ఓపెన్ ఇంటర్ సుమారు ఏడాది, డిగ్రీ మూడేళ్లు. డైరెక్ట్ దారిలో మిగిలేది ఆరు నెలలు. నేరుగా టెస్ట్ రాసి చేరినా మహా అయితే ఏడాది. ఆ ఏడాది కోసం కానిస్టేబుల్, సీహెచ్‌ఎస్‌ఎల్, డీఎడ్, లా అన్నీ వదులుకోవడం నాకైతే నచ్చదు. ఓపెన్ ఇంటర్ వైపే నా మొగ్గు, దాచుకోను. వయసు నలభై దాటి, ప్రస్తుత ఉద్యోగంలో ప్రమోషన్‌కి డిగ్రీ ఒక్కటే అడ్డం అనుకునేవాళ్లకు మాత్రం, ఇంటర్ లేకుండా చేర్చుకునే యూనివర్సిటీ ఇంకా ఉంటే, డైరెక్ట్ డిగ్రీ సరిపోవచ్చు. అదీ తమ సర్వీస్ రూల్స్ చదివాకే.

పాలిటెక్నిక్ డిప్లొమా ఉన్నవాళ్లు కూడా అడుగుతుంటారు. చాలా డిగ్రీ కోర్సుల్లో దాన్ని ఇంటర్ బదులు తీసుకుంటారు, ప్రాస్పెక్టస్‌లో మీ కోర్సు పేరు చూసుకుంటే చాలు.

ఏ దారిలో వెళ్లినా డిగ్రీ ఎక్కడ చేయాలన్నది తర్వాతి ప్రశ్న. ఇగ్నో అయినా, అంబేడ్కర్ అయినా, మామూలు యూనివర్సిటీ దూరవిద్యా కేంద్రమైనా యూజీసీ గుర్తింపు ఉంటే రెగ్యులర్ డిగ్రీతో సమానమే. కాకపోతే గుర్తింపు యూనివర్సిటీకి ఒకసారి ఇచ్చి వదిలేసేది కాదు. మీరు చేరే సెషన్‌కి, మీరు చేరే కోర్సుకి ఉందా అన్నది చూడాలి. deb.ugc.ac.in లో జాబితా ఉంటుంది. చేరే రోజే మీ కోర్సు ఉన్న పేజీ ప్రింట్ తీసి అడ్మిషన్ రసీదుతో పాటు దాచండి. గుర్తింపు ఉందని నిరూపించుకునే బాధ్యత అభ్యర్థిదేనని తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్లలోనే రాస్తారు. రాష్ట్ర యూనివర్సిటీ అయితే మీ స్టడీ సెంటర్ ఆ రాష్ట్రం లోపలే ఉందో లేదో కూడా చూడండి. పక్క రాష్ట్రం యూనివర్సిటీ పేరు చెప్పి మీ వీధిలో బోర్డు పెట్టిన సెంటర్‌లో చేరడం చేజేతులా తెచ్చుకునే చిక్కు.

డైరెక్ట్ డిగ్రీ ఇప్పటికే అయిపోయినవాళ్ల మాట. ఇప్పుడు ఓపెన్ ఇంటర్ రాసినా ఉపయోగమే. ఇంటర్ అడిగే ఉద్యోగాలకు, నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీలోపు మెమో వస్తే, దాంతోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. లా విషయంలో అంత భరోసా ఇవ్వలేను. నియమం అడుగుతున్నది డిగ్రీలో చేరే నాటి అర్హత గురించి కాబట్టి, తర్వాత చేసిన ఇంటర్ ఆ లోటు పూడ్చకపోవచ్చు. లాసెట్ ఫీజు కట్టకముందే టెన్త్, ఇంటర్, డిగ్రీ మెమోలు వరుస తేదీలతో జతచేసి అడ్మిషన్ల కన్వీనర్‌కి రాసి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.