ఆన్‌లైన్‌లో కళ్లజోడు: బొమ్మ కింది అంకెలు ఎంతవరకు పనికొచ్చాయి

నాకు రెండు కళ్లకూ మైనస్ 6 సైటు. పీడీ, అంటే రెండు కంటిపాపల మధ్య దూరం, 62 మి.మీ. ఆన్‌లైన్‌లో ఒక ఫ్రేము పేజీ మంచిదో కాదో నేను ఈ రెండు అంకెలతోనే తేలుస్తాను కాబట్టి ముందే చెబుతున్నాను. కొన్నేళ్లుగా నా కళ్లజోళ్లూ, అమ్మవీ ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే కొంటున్నాం. సైటు ఒకటో రెండో ఉన్నవారికి చాలా ఫ్రేములు ఇబ్బంది పెట్టవు. రంగు నచ్చితే కొనేసుకోవచ్చు. నాలుగు దాటిందంటే మాత్రం బొమ్మల కంటే వాటి కింద ఉండే చిన్న అక్షరాల పట్టికనే ముందు చదవాలి.

మీ దగ్గరున్న కళ్లజోడు కాడ లోపలి వైపు చూడండి. 52□18-140 లాంటి గుర్తు ఉంటుంది. 52 ఒక అద్దం వెడల్పు, 18 రెండు అద్దాల మధ్య దూరం, దాన్నే బ్రిడ్జి అంటారు. 140 అనేది చెవి వెనకాల వంపుతో కలిపి కాడ పొడవు. అన్నీ మిల్లీమీటర్లే. ఇవి ఫ్రేము మీదే అచ్చై వస్తాయి కాబట్టి అమ్మేవాళ్లు చూసి ఎక్కిస్తారు, నా అనుభవంలో తప్పులు తక్కువ.

మొత్తం వెడల్పు సంగతి అలా కాదు. అది సాధారణంగా ఫ్రేము మీద ఉండదు. ఎవరికి వారు కొలిచి రాస్తారు. ఒకరు ముందు భాగాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు కొలుస్తారు, మరొకరు మడత కీలు నుంచి కీలుకు కొలుస్తారు. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా అక్కడే వస్తుంది. ఒకచోట 54-18 ఫ్రేముకు మొత్తం వెడల్పు 126 అని చూశాను. రెండు యాభై నాలుగులకు పద్దెనిమిది కలిపితే సరిగ్గా 126. అంటే ఎవరూ స్కేలు పట్టలేదు, కూడిక చేసి రాసేశారు. అద్దాల బయట అంచు దగ్గర రిమ్ము, కీలు ఉండే చోటు కలిసి ఒక్కో వైపు కనీసం నాలుగైదు మిల్లీమీటర్లు తీసుకుంటాయి. కాబట్టి పట్టికలోని మొత్తం వెడల్పును ఈ కూడికతో ఒకసారి సరిచూసుకోండి. మరీ దగ్గరగా ఉంటే ఆ అంకెను నమ్మకండి. ఇక ‘మీడియం’, ‘లార్జ్’ అనే మాటల సంగతి చెప్పనక్కర లేదు. ఒక చోట మీడియం మరో చోట లార్జ్ అవుతుంది.

మన ముఖానికి ఎంత వెడల్పు కావాలో తెలుసుకోవడానికి ముఖాన్ని కొలవడం కంటే, సౌకర్యంగా ఉన్న పాత కళ్లజోడును బోర్లించి స్కేలుతో కొలవడం మేలు. దానికి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉన్నవి చూస్తే చాలు. ఫ్రేము ఇరుకైతే కాడలు బయటికి విచ్చుకుని కణతల మీద గీతలు పడతాయి. ఎక్కువైతే తల వంచగానే కిందికి వస్తుంది.

వెడల్పు కుదిరిందంటే పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. ఎక్కువ సైటు ఉన్నవారికి అసలు లెక్క ఇక్కడే మొదలవుతుంది. నేను ఒకే రోజున పక్కపక్కన పెట్టి చూసుకున్న రెండు ఫ్రేముల సంగతి చెబుతాను. రెండింటి మొత్తం వెడల్పూ 137. ఒకటి సన్నని లోహపు రిమ్ముతో 54□18, రెండోది ఎసిటేట్ అనే మందమైన ప్లాస్టిక్‌తో గుండ్రంగా 48□20. మొదటిదాంట్లో అద్దం వెడల్పూ బ్రిడ్జీ కలిపితే 72. ఇది ఒక అద్దం నడిమి నుంచి మరో అద్దం నడిమికి ఉన్న దూరం. నా కంటిపాపల దూరం 62 కాబట్టి పది మిల్లీమీటర్లు ఎక్కువ. అంటే ఒక్కో కన్నూ అద్దం నడుమ నుంచి ముక్కు వైపు 5 మి.మీ. జరిగి ఉంటుంది. లెన్సు సరిగ్గా చూపించే బిందువును నా కంటిపాప ముందుకు తేవాలంటే లెన్సును అంత మేర లోపలికి జరిపి కోయాలి. అప్పుడు ఆ బిందువు నుంచి చెవి వైపు అంచు 27కు 5 కలిపి 32 మి.మీ. దూరంలో ఉంటుంది. రెండోదాంట్లో 48, 20 కలిపితే 68, తేడా 6, ఒక్కో వైపు 3. అంచు దూరం 24కు 3 కలిపి 27 మాత్రమే.

మైనస్ లెన్సు నడుమ పలచగా ఉండి అంచుకు పోయేకొద్దీ మందమవుతుంది. ఆ మందం దూరంతో పాటు కాదు, దూరం వర్గంతో పెరుగుతుంది. అందుకే అయిదు మిల్లీమీటర్ల తేడా చిన్నదేమీ కాదు. లెన్సు పదార్థానికి ఇండెక్సు అనే అంకె ఉంటుంది, అది పెరిగేకొద్దీ అదే సైటుకు లెన్సు పలచబడుతుంది. 1.6 ఇండెక్సు లెన్సు అనుకుని లెక్క వేస్తే మొదటి ఫ్రేములో బయటి అంచు ఉజ్జాయింపుగా 6.4 మి.మీ. వస్తుంది, రెండోదాంట్లో 4.9. డబ్బు ఎక్కువ పెట్టి మొదటి ఫ్రేములో 1.67 లెన్సు వేయించినా 5.8 దగ్గరే ఆగుతుంది. ఖరీదైన లెన్సు పెద్ద ఫ్రేములో చేయలేని పని, మామూలు లెన్సు చిన్న ఫ్రేములో చేసేసింది. నేను రెండోది కొన్నాను. దాని రిమ్ము మందం కాబట్టి ఉన్న అంచులో చాలా భాగం అందులోనే దాక్కుంది. పక్క నుంచి చూసేవారికి లెన్సు తెలియనే తెలియదు. రోజూ దాన్నే పెట్టుకుంటున్నాను. ఇప్పటి పెద్ద పెద్ద ఫ్రేముల వాడకం మైనస్ ఎక్కువున్నవారికి అచ్చిరాదని నా అభిప్రాయం, ఫొటోలో ఎంత బాగున్నా సరే.

ఆ రెండో ఫ్రేముతో వచ్చిన చిక్కు బ్రిడ్జి దగ్గర వచ్చింది. 20 అంకె సరైనదే. అయితే బ్రిడ్జి అంకె రెండు అద్దాల మధ్య అతి దగ్గరి దూరాన్ని మాత్రమే చెబుతుంది. మన ముక్కు మీద ఫ్రేము ఎక్కడ కూర్చుంటుందో, ముక్కు దూలం ఎత్తుగా ఉన్నవారికా, అణిగి ఉన్నవారికా అన్నది అందులో లేదు. దూలం అంత ఎత్తు లేని నాలాంటి ముక్కుల మీద, ఎసిటేట్‌లోనే కలిసి వచ్చిన చిన్న ముక్కుపట్టీలకు ఆనిక దొరకదు. విజయవాడ మే నెలలో చెమట కూడా తోడైతే పావుగంటకోసారి పైకి తోసుకోవాల్సిందే. నవ్వితే ఫ్రేము అడుగు బుగ్గలకు తగులుతుంది, కనురెప్ప వెంట్రుకలు లెన్సుకు రాసుకుని మసక గీతలు పడతాయి. ఈ రెండు లక్షణాల్లో ఏది కనిపించినా బ్రిడ్జి కుదరలేదని అర్థం. నేను పారదర్శకమైన సిలికాన్ పట్టీలు అంటించి సర్దుకున్నాను. అవి కొన్ని నెలలకు పసుపెక్కి ఊడతాయి, మళ్లీ అంటించుకోవాలి.

కొనేముందే ఇది తెలుసుకోవాలంటే అంకె కంటే వెనక వైపు నుంచి తీసిన ఫొటో ఎక్కువ చెబుతుంది. లోపలి నుంచి ముక్కుపట్టీలు బయటికి ఎంత పొడుచుకు వచ్చాయో చూడాలి. తీగ మీద నిలబడే విడి ముక్కుపట్టీలు ఉంటే భయం లేదు. ఏ కళ్లజోళ్ల షాపులోనైనా వాటిని దగ్గరకో దూరానికో వంచి సరిచేస్తారు. కలిసిపోయిన పట్టీలను అలా వంచలేరు. వెనక ఫొటో పెట్టని పేజీలో నేను ఎసిటేట్ ఫ్రేము కొనడం మానేశాను.

లెన్సు సరిపోతుందా లేదా అనే గడి పట్టికల్లో అన్నిటికంటే బలహీనమైనది. దాదాపు ప్రతి ఫ్రేముకూ ‘ప్రోగ్రెసివ్ వేయవచ్చు’ అని టిక్కు పెట్టేస్తారు. అమ్మకు దూరం, దగ్గర రెండూ ఒకే అద్దంలో ఉండే ప్రోగ్రెసివ్ లెన్సు కావాలి. దానికి చూడాల్సింది అద్దం ఎత్తు, అంటే పైనుంచి కిందికి ఎంత ఉందో. చాలా పేజీల్లో అది ఉండదు. ఒకచోట టిక్కు చూసి తెప్పించిన సన్నని ఫ్రేము అద్దం ఎత్తు తీరా కొలిస్తే 26. కంటిపాప సాధారణంగా అద్దం నడిమికి కాస్త పైన ఉంటుంది కాబట్టి దాని కింద 15 మి.మీ. కూడా మిగలలేదు. మామూలు ప్రోగ్రెసివ్ లెన్సుకు కంటిపాప కింద సుమారు 18 ఉండాలి. లేదంటే చదివే భాగం కోతలోనే పోతుంది. వార్తాపత్రిక చదవడానికి అమ్మ గడ్డం పైకెత్తాల్సి వచ్చేది. ఫిర్యాదు చేస్తే ‘అలవాటు పడితే సర్దుకుంటుంది’ అన్నారు. కోసి పారేసిన భాగానికి అలవాటు పడేది ఎలాగో వాళ్లకే తెలియాలి. ఇప్పుడు అద్దం ఎత్తు 32కు తగ్గితే అమ్మ కోసం చూడను. ఎత్తు రాయకపోతే, నిటారు ఫొటోను తెర మీద స్కేలుతో కొలిచి, తెలిసిన అద్దం వెడల్పుతో పోల్చి లెక్కగడతాను. ఉజ్జాయింపుకు అది చాలు.

రిమ్ము లేని ఫ్రేములకూ ఇలాంటి నిశ్శబ్దమే. వాటిలో లెన్సుకు రంధ్రాలు వేసి మరలు బిగిస్తారు. మామూలు ప్లాస్టిక్ లెన్సు ఆ రంధ్రాల దగ్గర పగుళ్లు పడుతుంది. పాలీకార్బొనేటు గాని, 1.6 రకం గాని కావాలి. ధరలో ఆ తేడా చివరి పేజీలో గాని బయటపడదు.

ముఖాకృతి సలహా గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. గుండ్రని ముఖానికి పలకల ఫ్రేము, పలకల ముఖానికి గుండ్రటిది. అన్ని చోట్లా ఇదే పాఠం. నా ముఖాన్ని ఒక యాప్ కోలగా ఉందంది, ఇంకొకటి గుండ్రం అంది. అంతకంటే రెండు విషయాలు పనికొచ్చాయి. ఫ్రేము పై అంచు కనుబొమల గీతను అనుసరిస్తోందా, కంటిపాప అద్దానికి నడుమ దగ్గర పడుతోందా అని చూసుకోవడం. కంటిపాప ముక్కు వైపు మరీ జరిగితే ఎంత మంచి ఫ్రేమైనా కళ్లు దగ్గరగా ఉన్నట్టు కనిపిస్తాయి. కెమెరాలో పెట్టి చూపించే సదుపాయం బాగుంటుంది, కానీ ముఖం సైజు తెలియకుండా ఫ్రేమును ముఖానికి తగ్గట్టు సాగదీసి చూపితే ఉపయోగం లేదు. ఏటీఎం కార్డును నుదుటి దగ్గర పట్టుకోమని అడిగే యాప్ కొంత నయం. కార్డు వెడల్పు ఎక్కడైనా 85.6 మి.మీ. కాబట్టి దానితో కొలత సరిచూసుకుంటుంది.

అయితే పీడీ విషయంలో అలాంటి యాప్ కొలతను కూడా నేను వాడను. కంటి డాక్టరు చీటీలో సైటు రాస్తారు, పీడీ చాలాసార్లు రాయరు. అక్కడే అడిగి, కుడికీ ఎడమకూ విడివిడిగా రాయించుకోవాలి. నాకు కుడి 30, ఎడమ 32. ఆరు సైటుకు రెండు మిల్లీమీటర్లు తప్పినా సాయంత్రానికి కళ్లు లాగడం మొదలవుతుంది.

ఇక కొనే పద్ధతి. లెన్సు కోశాక వెనక్కి తీసుకోవడానికి చాలామంది అమ్మకందారులు ఒప్పుకోరు, ఫ్రేము ఒక్కటే అయితే తీసుకుంటారు. అందుకే ముందు ఫ్రేము మాత్రమే తెప్పిస్తాను. రెండు రోజులు ఇంట్లో పెట్టుకుని తిరుగుతాను, నవ్వి చూస్తాను, వంగి చూస్తాను. కుదిరితే మా వీధిలోని షాపుకు తీసుకెళ్తాను. షాపాయన, ఫ్రేము నా ముఖం మీద ఉండగానే దాంతో వచ్చిన డమ్మీ అద్దం మీద కంటిపాప దగ్గర చుక్క పెట్టి, ఆ చుక్కకు లెన్సు కోసి ఇస్తారు. బయట కొన్న ఫ్రేముకు కూలీ కాస్త ఎక్కువే తీసుకుంటారు, బిగించేటప్పుడు విరిగితే తన పూచీ లేదని ముందే చెబుతారు. కొన్ని షాపులైతే బయటి ఫ్రేమును అసలు ముట్టుకోవు, కాబట్టి ఆర్డరు పెట్టకముందే అడిగి ఉంచుకోండి.