ఒక్క రూపాయి ట్రయల్ తర్వాత నెలనెలా కోత: ఒక ఆడియో కథల ఆప్‌పై నా సమీక్ష

ముందు మంచి చెప్తాను. చాలాకాలంగా మా ఇంట్లో వాడుతున్న ఆప్ ఇది, ఎక్కువగా వినేది అమ్మ. పురాణ కథలు, సీరియల్ నవలలు, పిల్లల కథలు బోలెడన్ని ఉన్నాయి. చదివే గొంతులు బాగుంటాయి, ఒత్తులు మింగేయరు, పద్యం వస్తే పద్యంలాగే చదువుతారు. నిన్న ఎక్కడ ఆపామో ఈరోజు అక్కడి నుంచే మొదలవుతుంది. నెట్ లేనప్పుడు వినడానికి డౌన్‌లోడ్ కూడా ఉంది. కథల వరకు నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఫిర్యాదంతా డబ్బులు తీసుకునే పద్ధతి మీదే. అందులోనూ, ఇలాంటి ఆప్‌లన్నింటికీ వర్తించే విషయం ఒకటుంది కాబట్టి దాని గురించే వివరంగా రాస్తున్నాను.

ఆప్ తెరవగానే పెద్ద అక్షరాల్లో "ఒక్క రూపాయికి ఏడు రోజులు" అని వస్తుంది. నొక్కితే యూపీఐ ఆప్‌కి తీసుకెళ్తుంది, పిన్ కొడితే రూపాయి పోతుంది. చూడ్డానికి మామూలు చెల్లింపులాగే ఉంటుంది గానీ, ఆ పిన్‌తో జరిగే అసలు పని వేరు. మన ఖాతా నుంచి ఇకముందు డబ్బు తీసుకోవడానికి ఆ కంపెనీకి మనం అనుమతి ఇస్తున్నాం. దీన్నే ఆటోపే మ్యాండేట్ అంటారు. యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ఈ సౌకర్యాన్ని 2020లో తెచ్చింది. ఒకసారి మ్యాండేట్ పడితే, 15,000 రూపాయల లోపు సబ్‌స్క్రిప్షన్ కోతలకు మళ్లీ పిన్ అడగదు. ట్రయల్ సద్దు లేకుండా చందాగా మారిపోయేది ఇందువల్లే.

అమ్మ ఫోన్లో ఆ మ్యాండేట్ తెరిచి చూస్తే మూడు సంగతులు కనిపించాయి. మొదటిది, కంపెనీ పేరు. అక్కడ ఆప్ పేరు లేదు, దాని వెనకున్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పేరుంది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లోనూ అదే పేరు. అందుకే స్టేట్‌మెంట్ చూసినా అది కథల ఆప్ తాలూకు డబ్బని వెంటనే తట్టదు. రెండోది, గడువు తేదీ. దాన్ని కొన్ని దశాబ్దాల తర్వాతకి పెట్టారు. మూడోదే అసలు కీలకం. నెల చందా 199 రూపాయలని ఆప్ చెప్తోంది, మ్యాండేట్‌లో మాత్రం "999 వరకు" అని ఉంది. అంటే 999 దాటనంత వరకు కంపెనీ ఎంతైనా అడగొచ్చు, మన దగ్గర కొత్తగా అనుమతి తీసుకోనక్కర్లేదు. మాకు జరిగిందీ అదే. కొన్ని నెలలు 199 కట్ అయింది, ఆ తర్వాత 299 మొదలైంది. రేటు పెరిగినప్పుడు పిన్ అడగలేదు, ఎందుకంటే 299 కూడా ఆ పరిమితి లోపలే ఉంది.

మరి ముందుగా చెప్పరా అంటే, చెప్తారు. కోతకు కనీసం 24 గంటల ముందు సమాచారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది, 2021 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉంది. మెసేజ్ వచ్చింది కూడా. కానీ ఎవరో తెలియని కంపెనీ పేరుతో, లోన్ ఆఫర్ల మెసేజ్‌ల మధ్య, ఇంగ్లీషులో వచ్చింది. అమ్మ లాంటివాళ్లకు అది కోత గురించిన కబురని తెలిసే దారేది? నిబంధన పాటించినట్టే ఉంది, దాని ప్రయోజనం మాత్రం నెరవేరలేదు.

ఆపడానికి ఏం చేయాలో చెప్తాను. ఫోన్లోంచి ఆప్ తీసేస్తే చందా ఆగదు. మ్యాండేట్ ఉండేది బ్యాంకు దగ్గరా, యూపీఐ ఆప్‌లోనూ. ఖాతాలో డబ్బు లేకుండా చేసినా లాభం లేదు, ఒకసారి కుదరకపోతే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తారు. మ్యాండేట్‌నే రద్దు చేయాలి.

ఏ యూపీఐ ఆప్‌తో పిన్ కొట్టామో దానిలో ముందు వెతకాలి. ఫోన్లో రెండు మూడు ఉండి గుర్తులేకపోతే, మ్యాండేట్ మెసేజ్‌లో యూఎంఎన్ అనే పొడవాటి నంబర్ ఉందేమో చూడండి. దాని చివర @ybl ఉంటే ఫోన్‌పే, @oksbi, @okaxis లాంటివి ఉంటే గూగుల్ పే. రెండిట్లోనూ దారి దాదాపు ఒకటే: పైనున్న ప్రొఫైల్ ఫొటో నొక్కి, కిందికి జరిపితే ఆటోపే కనిపిస్తుంది. అందులో నడుస్తున్న మ్యాండేట్లన్నీ వరసగా ఉంటాయి. కావలసినది తెరిచి, రద్దు నొక్కి, యూపీఐ పిన్ కొట్టాలి. డబ్బు కట్టడానికి కాకుండా ఆపడానికి పిన్ అడగడం చూసి అమ్మ భయపడింది, "మళ్లీ పోతాయేమోరా" అంది. ఇక్కడ పిన్ కొడితే డబ్బేమీ పోదు.

రద్దు పక్కనే "పాజ్" కూడా ఉంటుంది. అది కొన్నాళ్లు ఆపడానికే, గడువు తీరగానే కోతలు మళ్లీ మొదలవుతాయి. దాన్ని నొక్కి ఊరుకోవద్దు.

పని అయిందో లేదో తెలుసుకోవడం సులువే. ఆ మ్యాండేట్ నడుస్తున్న వాటి జాబితాలోంచి మాయమై రద్దయిన వాటిలోకి వెళ్తుంది, బ్యాంకు నుంచి మెసేజ్ వస్తుంది. ఆ తెరను స్క్రీన్‌షాట్ తీసి దాచండి. ఆ తర్వాత ఆప్‌లోకి వెళ్లి అక్కడ కూడా సబ్‌స్క్రిప్షన్ రద్దు చేయండి, లేకపోతే వాళ్ల లెక్కలో మీరింకా చందాదారే. ఈ ఆప్‌లో ఆ బటన్ ఖాతా సెట్టింగ్స్‌లో బాగా లోపల ఉంది. నొక్కాక "ఎందుకు వెళ్తున్నారు" అని అడిగి, సగం ధర ఆఫర్ చూపించి, చివర్న చిన్న అక్షరాల్లో "అయినా రద్దు చేయి" అని ఉంచారు. 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో పదమూడు రకాల మోసపు డిజైన్లను నిషేధించారు. అందులో "సబ్‌స్క్రిప్షన్ ట్రాప్" ఒకటి. రద్దును అనవసరంగా కష్టతరం చేయడం దాని కిందికే వస్తుంది.

మీరు చందా గూగుల్ ప్లే ద్వారా కట్టి ఉంటే దారి వేరు. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి అక్కడే రద్దు చేయాలి. స్టేట్‌మెంట్‌లో గూగుల్ పేరు ఉంటే ఇదేనని గుర్తు. కార్డుతో కట్టినవాళ్లు బ్యాంకు ఆప్‌లో ఈ-మ్యాండేట్ల భాగం చూసుకోవాలి.

ఇక పోయిన డబ్బు సంగతి. బ్యాంకుని అడిగితే లాభం లేకపోయింది. పిన్ కొట్టి అనుమతి ఇచ్చారు కాబట్టి ఇది అనధికార లావాదేవీ కాదన్నారు, వాళ్ల వైపు నుంచి చూస్తే అది నిజమే. ఆప్ కస్టమర్ కేర్‌కి లావాదేవీ నంబర్లు, స్క్రీన్‌షాట్లు పంపితే మొదట అచ్చు వేసిన జవాబే వచ్చింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాక మాత్రం కదలిక వచ్చింది. చివరిసారి కట్ అయిన 299 వెనక్కి ఇచ్చారు. అంతకుముందువి ఇవ్వలేదు, ఆ నెలల్లో ఆప్ వాడారని కారణం చెప్పారు. అమ్మ కథలు విన్నమాట వాస్తవమే, ఆ వాదనకు నా దగ్గర జవాబు లేదు. 199 బదులు 299 ఎందుకు తీసుకున్నారన్న ప్రశ్నకు మాత్రం వాళ్ల దగ్గర జవాబు లేదు.

కథలకు అయిదుకి నాలుగు ఇస్తాను, డబ్బు వసూలుకి ఒకటి. ఇప్పుడు అమ్మ ఉచితంగా ఉన్న కథలే వింటోంది. ఆటోపే లేకుండా నెలకో మూడు నెలలకో ఒకసారి కట్టే ప్లాన్ పెడితే ఆ రోజే తీసుకుంటాను. ఈ మాట వాళ్లకూ రాశాను.