గుండ్రటి పై చార్టును టేబుల్‌గా చేయించుకునేవాళ్లు జాగ్రత్త: టోటల్ వంద వస్తే సరిపోదు

బొబ్బిలిలో ఆ డీటీపీ షాపు ఏదో ఇక్కడి వాళ్లకు చెప్పక్కర్లేదు. మా రైతు సంఘం పనికి వరి సాగు ఖర్చులను వృత్తంలో ముక్కలుగా చూపే పై చార్టు ఒకటి ఫోటో తీసి ఇచ్చాను. అది గోడకు ఎత్తుగా ఉంది, అంకెలు వేసి లేవు, కింద నిలబడి తీశాను. నూట యాభై తీసుకుని టేబుల్ ఇచ్చాడు: కూలీలు 42, ట్రాక్టర్ 20, ఎరువులు 20, విత్తనం 13, ఇతరాలు 5. మొత్తం 100. కూడి చూసుకుని తృప్తిగా ఇంటికొచ్చేశాను.

మా లెక్క ఎకరాకు 30,000. ట్రాక్టర్‌కు 20 శాతమంటే 6,000 చొప్పున నలభై ఎకరాలకు వసూలు చేశాం. తీరా చూస్తే ఎకరాకు 1,500 తక్కువ. మొత్తం అరవై వేలు. అందరి ముందూ తలెత్తుకోలేకపోయాను.

అనుమానమొచ్చి మళ్లీ ఆ గోడ దగ్గరికెళ్లి, స్టూలెక్కి, నోట్‌బుక్ మూలను ట్రాక్టర్ ముక్క మీద పెట్టాను. అంచుకు అంచు సరిపోయింది. అంటే 90 డిగ్రీలు, నికరంగా 25 శాతం. అదే మూలను ఫోటో ప్రింటు మీద పెడితే ముక్క చిన్నదైపోయింది. స్కేలుతో కొలిచాను. వృత్తం అడ్డంగా 12 సెంటీమీటర్లు, నిలువుగా 9. కింది నుంచి తీయడంతో వృత్తం అణిగిపోయింది. కుడి పక్కనున్న ట్రాక్టర్ ముక్క కోణం 74 డిగ్రీలకు తగ్గింది, పైనున్న విత్తనం ముక్క 36 నుంచి 46కు పెరిగింది. అతను ఆ అణిగిన బొమ్మ మీదే కోణమానిని పెట్టి, డిగ్రీలను 3.6తో భాగించేశాడు.

ఇదంతా చూపిస్తే తలెత్తకుండా అన్నాడు: "టోటల్ వందొచ్చిందా నేదా? ఇంకేటమ్మా మీ బాద?" వెనకాల జిరాక్స్‌కు నిలబడ్డవాళ్లు నావైపు చూశారు. ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది. బొమ్మ ఎంత వంకరపోయినా మధ్య బిందువు చుట్టూ కోణాలు 360 డిగ్రీలే కదా! వంద ఎప్పుడూ వస్తుంది. ఏ ముక్కైనా వదిలేస్తేనో, రెండుసార్లు కొలిస్తేనో మాత్రమే ఆ కూడిక పట్టిస్తుంది. ఇది ఇచ్చేరోజే ఆలోచించనందుకు నా మీద నాకే కోపంగా ఉంది.

ఇప్పుడు ఫోటోను ఎడిటింగ్‌లో నిలువుగా సాగదీసి, అడ్డం నిలువు సమానం చేసి, నేనే కొలిచాను. కూలీలు 40, ట్రాక్టర్ 25, ఎరువులు 20, విత్తనం 10, ఇతరాలు 5. ఇదీ వందే.

మీరు ఇచ్చేముందు ఫోటోలో వృత్తం అడ్డం, నిలువు కొలవండి. తేడా ఉంటే చార్టుకు ఎదురుగా, అదే ఎత్తులో ఫోన్ పట్టుకుని మళ్లీ తీయండి. చేత్తో కొలిచిన అంకెకు ఒక శాతం అటూఇటూ ఉంటుంది, "సుమారు" అని రాయించుకోండి. నా నూట యాభై తిరిగి ఇవ్వలేదు.