గోబీ, బ్రకోలీ: నీళ్లలో ఉడికించాలా, ఆవిరి పట్టాలా, మైక్రోవేవ్‌లో పెట్టాలా?

గోబీ పువ్వు ఉడుకుతున్న ఇల్లు వాకిట్లో అడుగుపెట్టగానే తెలిసిపోతుంది. కుళ్లిన గుడ్డుకు దగ్గరగా ఉండే ఆ వాసన వల్లే పిల్లలు పళ్లెం పక్కకు నెడతారు. ఇప్పుడు నల్లగొండ, మహబూబ్‌నగర్ దుకాణాల్లో బ్రకోలీ కూడా దొరుకుతోంది. దాన్నీ గోబీ లాగానే కుక్కర్‌లో వేసి, పచ్చగా నిగనిగలాడే పువ్వును ఖాకీ రంగు ముద్దగా దించి, ఇంత ధర పెట్టి ఇదేం కూర అని తిట్టుకుంటున్నారు.

నా తీర్పు ముందే చెప్తాను. బ్రకోలీకి ఆవిరి మేలు. నలుగురైదుగురు తినే ఇంట్లో గోబీకి మూత లేకుండా నీళ్లలో ఉడికించడం మేలు. ఒక్కరికో ఇద్దరికో అయితే మైక్రోవేవ్ చాలు. కుక్కర్ మాత్రం రెండింటికీ పనికిరాదు. ఒక్క విజిల్ వచ్చేసరికే పువ్వు దాటిపోతుంది.

పచ్చి పువ్వుకు ఆ వాసన ఉండదు. గంధకం ఉన్న పదార్థాలు అందులో చడీచప్పుడు లేకుండా ఉంటాయి. కత్తి తగిలి, వేడి సోకినప్పుడు అవి విరిగి హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి వాయువులు పుడతాయి. కుళ్లిన గుడ్డులో ముక్కుకు తగిలేదీ అదే. మొదటి నాలుగైదు నిమిషాలు ఇది పెద్దగా తెలియదు. ఆ తర్వాత మాత్రం నిమిష నిమిషానికీ పెరుగుతుంది. క్యాబేజీ కూడా ఇదే జాతి. అది ఉడికేటప్పుడు ఐదో నిమిషానికీ ఏడో నిమిషానికీ మధ్యనే ఈ వాయువు రెట్టింపవుతుందని ఆహార శాస్త్రం చదివినవాళ్లు చెప్తారు. పువ్వు మెత్తబడి నీరుకారడం మొదలయ్యేదీ దాదాపు ఆ వేళకే. అందుకే పంటికి కాస్త కరకరలాడేలా దించితే వాసన బాధ కూడా చాలావరకు తీరుతుంది. ఏ పద్ధతి పట్టినా గడియారం చూడకపోతే ఫలితం ఒకటే.

అరకిలో ముక్కలు తీసుకుని చూద్దాం. గోబీ అయినా బ్రకోలీ అయినా ముక్క పువ్వు దగ్గర ఒకటిన్నర అంగుళం ఉండాలి. చిన్నవీ పెద్దవీ కలిపి వేస్తే పెద్దవి ఉడికేలోపు చిన్నవి ముద్దయి వాసన మొదలుపెడతాయి. కాడ లావుగా ఉంటే కింది నుంచి నిలువుగా ఒక గాటు పెట్టండి, పువ్వుతో పాటే ఉడుకుతుంది. బ్రకోలీ మొదలు కాడను పారేయకండి. పైన నార తోలు చెక్కేస్తే లోపల లేతగా ఉంటుంది.

మొదట నీళ్లలో ఉడికించే పద్ధతి. వెడల్పు గంజులో మూడు లీటర్ల నీళ్లు, రెండు చెంచాల ఉప్పు వేసి, నీళ్లు కుతకుతా మరిగాకే ముక్కలు వేయాలి. వేయగానే మరుగు ఆగుతుంది. మళ్లీ మరగడం మొదలైన క్షణం నుంచి గోబీకి నాలుగు నుంచి ఐదు నిమిషాలు, బ్రకోలీకి రెండు నుంచి మూడు నిమిషాలు లెక్కపెట్టండి. అరకిలోకు మూడు లీటర్లా అని నోరు తెరవకండి. నీళ్లు తక్కువైతే ముక్కలు వేయగానే వాటి వేడి బాగా పడిపోతుంది, మళ్లీ మరిగే దాకా పువ్వు చాలని వేడిలో నానుతూ ఉంటుంది. పైగా గంధకం పదార్థాలు కొంత నీళ్లలోకి దిగుతాయి కాబట్టి నీళ్లు ఎక్కువుంటే పువ్వులో ఘాటు పలుచబడుతుంది. గోబీకి ఈ పద్ధతే నచ్చడానికి నా కారణం అదే.

మూత దగ్గరే మా ఇంట్లో పేచీ. “మూత వెయ్యవేందే? గ్యాసంత గాలికే పోతది,” అంటుంది మా అత్తమ్మ. గ్యాస్ సంగతి నిజమే. కానీ మూత వేస్తే పోవాల్సిన వాయువులు మూతకు తగిలి, నీటి చుక్కలతో పాటు మళ్లీ గంజులోకే జారతాయి. బ్రకోలీకి ఇంకో నష్టం కూడా ఉంది. ఉడికేటప్పుడు దాని నుంచి పలుచటి ఆమ్లాలు బయటకొస్తాయి, మూత లేకుంటే ఆవిరితో వెళ్లిపోతాయి. లోపలే ఉండిపోతే పచ్చ రంగును ఖాకీ చేసేవి అవే. కాబట్టి నీళ్లు మరిగే వరకు మూత పెట్టండి, ముక్కలు వేశాక తీసేయండి. అత్తమ్మకు సగం గ్యాస్ మిగిలినట్టే.

ఇక నీళ్ల సంగతి. మన వైపు ఇది చిన్న విషయం కాదు. బోరు నీళ్లు చాలాచోట్ల గట్టివి. మరిగిస్తే గిన్నె అడుగున తెల్లగా సున్నం కడతాయి. అలాంటి నీళ్లలో గోబీ తెల్లగా ఉండదు, పసుపు ఛాయకు తిరుగుతుంది. నీళ్లలోని క్షార గుణం పువ్వులోని రంగులేని పదార్థాన్ని పసుపు చేస్తుంది. సున్నం వల్ల ముక్క కూడా ఒకటి రెండు నిమిషాలు ఆలస్యంగా ఉడుకుతుంది, వాసనకు ఆ రెండు నిమిషాలు చాలు. గోబీ నీళ్లలో అరచెక్క నిమ్మరసం పిండితే తెల్లగా నిలుస్తుంది. బ్రకోలీకి మాత్రం ఆ పని చేయకండి. పులుపు తగిలితే దాని పచ్చదనం పోతుంది, నిమ్మకాయ ఏదైనా వడ్డించేటప్పుడే. బ్రకోలీ పచ్చగా ఉండాలని కొందరు చిటికెడు వంటసోడా వేస్తారు. రంగు బాగానే ఉంటుంది కానీ ముక్క జారుడుగా మెత్తబడుతుంది, సి విటమిన్ కూడా పోతుంది.

మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ సంగతి తెలియనివాళ్లు లేరు. నీళ్లను మరిగిస్తే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. ఉడికే కూరగాయ ఆ నీళ్లను పీల్చుకుంటుంది. కాబట్టి గోబీ ఉడికించేది కూడా నల్లాకు వచ్చే కృష్ణా నీళ్లలోనో, తాగడానికి తెచ్చుకునే నీళ్లలోనో అయితే మంచిది. మూడు లీటర్ల తాగే నీళ్లు పారబోయడానికి మనసొప్పకపోతే ఆవిరి పద్ధతికి రండి.

ఆవిరికి వేరే సామాను కొనక్కర్లేదు, ఇడ్లీ పాత్ర చాలు. అడుగున రెండు గ్లాసుల నీళ్లు పోసి, మరిగి ఆవిరి బాగా వస్తున్నప్పుడు ఇడ్లీ రేకుల్లో ముక్కలను ఒకే వరుసగా, కాడ కిందికి వచ్చేలా సర్ది పెట్టండి. రేకుల మధ్య సందు తక్కువ కదా, పెద్ద పువ్వు పట్టదు. అప్పుడు ఒక రేకు వదిలి ఇంకో రేకు వాడండి, లేదా చిల్లుల గిన్నెను లోపల దించండి. ముక్కల్ని కుప్పగా పోస్తే మధ్యలోవి పచ్చిగానే ఉంటాయి. బ్రకోలీకి ఐదు నిమిషాలు, గోబీకి ఏడు నుంచి ఎనిమిది. నీళ్లు ముక్కకు తగలవు కాబట్టి బోరు నీళ్లయినా అడుగున సున్నం కడుతుందే తప్ప పువ్వుకేమీ కాదు. సి విటమిన్ నీళ్లలోకి కారిపోవడం కూడా తక్కువ.

ఆవిరికి మూత తప్పదు, దాని చిక్కే అది. గోబీ ఎనిమిది నిమిషాలు మూత కింద ఉంటే వాయువులు అక్కడే తిరుగుతాయి. మధ్యలో రెండుసార్లు మూత తీసి ఆవిరి వదిలితే కొంత నయం. బ్రకోలీ ఐదు నిమిషాల్లోనే అయిపోతుంది కాబట్టి ఆ బెడద రాకముందే దిగిపోతుంది. రంగు పోయే ముప్పు కూడా ఆరేడు నిమిషాలు దాటాకే. ఇంకో మంచి సంగతి, మరిగే నీళ్లలో బ్రకోలీ మొగ్గలు స్పంజిలా నీళ్లు పట్టి తర్వాత పోపులో కారుతుంటాయి. ఆవిరిలో అట్లా కావు.

మైక్రోవేవ్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. పావుకిలో వరకు మంచి సాధనం. గాజు గిన్నెలో ముక్కల్ని కాడలు అంచు వైపు, పువ్వులు మధ్యకు వచ్చేలా గుండ్రంగా పేర్చండి. అంచున వేడి ఎక్కువ తగులుతుంది, గట్టిగా ఉండేది కాడే కదా. రెండు మూడు పెద్ద చెంచాల నీళ్లు చల్లి, పైన పళ్లెం కొంచెం సందుతో బోర్లించి, 800 వాట్ల మైక్రోవేవ్‌లో బ్రకోలీని మూడు నిమిషాలు, గోబీని నాలుగు నిమిషాలు పెట్టండి. సగంలో ఒకసారి కలపాలి. బయటికి తీశాక ఒక నిమిషం ఆగి, పళ్లెం మీ ముఖానికి అవతలి వైపు నుంచి ఎత్తండి, ఆవిరి చేతిని కాలుస్తుంది. అరకిలో వేస్తే సమయం దాదాపు రెట్టింపవుతుంది. అంచున ముద్ద, మధ్యలో పచ్చి అన్న గొడవ అక్కడే మొదలవుతుంది. వాసన కూడా పెట్టెలోనే ఉండిపోయి, తర్వాత పాలు వేడిచేస్తే పాలల్లో తెలుస్తుంది. పని అయ్యాక తలుపు కాసేపు తెరిచి ఉంచండి.

ఏ పద్ధతిలోనైనా దించే వేళ ఎట్లా తెలుస్తుంది? చాకు మొనను కాడలో గుచ్చి చూడండి. మొన దిగాలి, కానీ దిగేటప్పుడు చివర్లో కొంచెం అడ్డు తగలాలి. అడ్డే లేకుండా జారిపోతే ఆలస్యమైనట్టు. దించాక కూడా లోపలి వేడి ఒక నిమిషం ఉడికిస్తూనే ఉంటుంది, కాబట్టి గిన్నెలో కుప్పగా వదలకుండా వెడల్పు పళ్లెంలో పరవండి. బ్రకోలీ రంగు కోసం చల్లటి నీళ్లలో ముంచి తీసినా సరే, వెంటనే వార్చాలి.

గోబీలో పురుగుల భయంతో మరిగిన పసుపు నీళ్లలో పది నిమిషాలు మూతపెట్టి నానబెట్టడం మన ఇళ్లల్లో అలవాటు. ఆ పది నిమిషాలూ ఉడుకు లెక్కలోకే వస్తాయి. వాసన అక్కడే పుడుతుంది, ఆ తర్వాత ఏ పద్ధతి పట్టినా లాభం లేదు. మామూలు నీళ్లలోనే గుప్పెడు ఉప్పు వేసి పావుగంట ముంచితే పురుగులు పైకి తేలతాయి, సందుల్లో పట్టుకున్నవి ముక్కలు కోసేటప్పుడు కనిపిస్తాయి. వేడి నీళ్లే కావాలంటే ఒక నిమిషం ముంచి వార్చి, తర్వాత ఉడికించే సమయంలో ఆ నిమిషం తగ్గించండి.

జొన్న రొట్టెలోకి కూర చేస్తుంటే పోపు ముందు సిద్ధం చేసుకోండి. ఉల్లిగడ్డ మగ్గి, ఎల్లిగడ్డ కారం పచ్చి వాసన పోయాక, చివర్న ఉడికిన ముక్కలు వేసి పెద్ద మంట మీద రెండు నిమిషాలు కలిపి దించాలి. మూత పెట్టి మగ్గించొద్దు. కూరలోకి వేసే రోజు ముక్కల్ని ముందు చెప్పిన సమయం కంటే ఒక నిమిషం ముందే దించుకోండి, మిగతాది పోపులో అవుతుంది.