నాయనమ్మ కళ్లు మూసుకుంటే: స్వాప్ మోడల్ మేలా, లేయర్ పని మేలా?

పెళ్లి గ్రూప్ ఫొటోలో అందరూ బాగా పడ్డారు, ముందు వరసలో కూర్చున్న నాయనమ్మ ఒక్కతే కళ్లు మూసేసింది. మరుసటి క్షణం తీసిన ఫ్రేమ్‌లో ఆవిడ కళ్లు తెరిచే ఉన్నాయి. బ్రాడీపేటలో ఆల్బమ్‌లు చేసేవాళ్లకి అలవాటైన చిక్కే ఇది. ఒక ఫొటోలోని ముఖాన్ని ఇంకో ఫొటోలోని ముఖం మీదికి ఎక్కించే ఇన్‌స్వాపర్ లాంటి స్వాప్ మోడల్‌కి అప్పజెప్పొచ్చు, ఫొటోషాప్‌లో లేయర్ మాస్క్‌తో చేతపట్టి చేయొచ్చు.

వేగంలో మోడలే ముందు. కానీ దానికంటే ముందు డిటెక్టర్ ముఖాన్ని పట్టుకోవాలి. ఇన్‌స్వాపర్‌తో వాడే ఇన్‌సైట్‌ఫేస్ లైబ్రరీలో, ముఖమేనని ఎంత నమ్మకముండాలో చెప్పే హద్దు `det_thresh` మామూలుగా 0.5. డిటెక్టర్ ఇచ్చే స్కోరు అంతకన్నా తగ్గితే అక్కడ ముఖం లేనట్టే వదిలేస్తుంది. నల్లటి ఛాయ ఉన్న మావయ్య లైట్లకి దూరంగా నిలబడితే ఆ ప్రమాదం ఎక్కువ. 0.3కి దించితే ఆయన దొరకొచ్చు గానీ, వెనక గోడ మీది దేవుడి పటమూ ముఖాల లెక్కలో చేరొచ్చు. అంతకన్నా నీడల్ని కాస్త తేలిక చేసి మళ్లీ పరీక్షించడం నయం. స్కోరు పెరిగితే లోపం ఎక్స్‌పోజర్‌ది. ముఖం ఎదురుగా, వెలుతురులో ఉన్నా పెరగకపోతే, అలాంటి ముఖాల్ని డిటెక్టర్ శిక్షణలో తక్కువ చూసిందేమోనని అనుమానించాలి. ఆ అనుమానానికి కొంత ఊతముంది: 2018లో పరిశోధకులు జాయ్ బులామ్‌విని, టిమ్నిట్ గెబ్రూ పరిశీలిస్తే, ముఖ గుర్తింపు పరీక్షలకి వాడిన ఐజేబీ-ఏ ఫొటోల సంకలనంలో 79.6 శాతం మంది తెల్లఛాయవాళ్లే.

స్వాప్‌లో మాత్రం ఛాయకన్నా వయసే ఎక్కువ దెబ్బతింటుంది. ఛాయ చాలావరకు మనం మార్చే ఫొటో నుంచే వస్తుంది. నాయనమ్మ పోలిక మాత్రం, ముఖాన్ని అంకెలుగా మార్చే ఆర్క్‌ఫేస్ మోడల్ తీసిన 512 అంకెల్లోంచి రావాలి. వెలుతురు మారినా, ఏళ్లు గడిచినా మనిషి ఒకరేనని చెప్పేలా దాన్ని తయారుచేశారు కాబట్టి, ముడతలకి ఆ అంకెల్లో విలువ తక్కువ. పైగా ఇన్‌స్వాపర్ ఇచ్చే ముఖం 128 పిక్సెళ్లే. పెద్ద ప్రింటుకి చాలదని మసక ముఖానికి వివరాలు గీసి పదును పెట్టే జీఎఫ్‌పీగాన్ లాంటి ఎన్‌హాన్సర్ పెడతారు. అది శిక్షణలో ఫ్లికర్ ఫొటో సైట్ నుంచి తీసుకున్న 70 వేల ముఖాల్లో ఎక్కువగా చూసిన చర్మాన్నే ఇక్కడా గీస్తుంది. నుదుటి గీతలు పోతాయి, బుగ్గ నున్నబడుతుంది, మెడ మాత్రం ఎనభై ఏళ్లదే. వంద శాతం జూమ్‌లో దవడ అంచు చూస్తే తెలిసిపోతుంది.

చంటిపిల్లలతో ఇంకో ఇబ్బంది. 2019లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ పరీక్షించిన గుర్తింపు అల్గారిథమ్‌లు పిల్లల్లో, ముసలివాళ్లలో ఒకరిని ఇంకొకరిగా ఎక్కువసార్లు పొరబడ్డాయి. స్వాప్ కూడా అలాంటి అంకెల మీదే నడుస్తుంది కాబట్టి, మన పాప బదులు ఎవరి పాపో అన్నట్టు రావచ్చు.

అందుకే నాయనమ్మకీ పాపకీ నా ఓటు లేయర్‌కే. రెండు ఫ్రేమ్‌లనీ `Auto-Align Layers`తో సరిపెట్టి, కళ్ల చుట్టూ మాత్రమే మాస్క్ తెరిస్తే ఆవిడ ముడతలు ఆవిడకే ఉంటాయి. కళ్లు తెరిచిన ఫ్రేమ్ వేరే కోణంలోదైతేనే స్వాప్‌కి వెళ్లండి, అదీ ఆవిడ ఒప్పుకుంటే. అప్పుడు ఎన్‌హాన్సర్ బలాన్ని సగానికి తగ్గించి, ఒరిజినల్ చర్మాన్ని పైన లేయర్‌గా కలపండి.