ఫిల్టర్ కాఫీ, ఇన్‌స్టంట్, కాపుచినో, కోల్డ్ బ్రూ: కెఫీన్ లెక్కలో ఏది మేలు?

"రోజుకు ఎన్ని కప్పులు తాగొచ్చు?" అని అడిగితే సరైన జవాబు దొరకదు, ఎందుకంటే కప్పు కొలత కాదు. ఒక ఇంట్లో గ్లాసు కాఫీలో 40 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటే, పక్కింటి గ్లాసులో 115 ఉండొచ్చు. రెండూ ఒకే రంగులో, ఒకే చేదుతో కనిపిస్తాయి. చూడాల్సినవి మూడు: ఎన్ని గ్రాముల పొడి వేశారు, ఆ పొడి ఏ గింజది, అందులో చికోరీ ఎంత.

గింజల సంగతి ముందు తేల్చుకుందాం. అరబికా గింజలో బరువులో సుమారు 1.2 శాతం కెఫీన్ ఉంటుంది, రోబస్టాలో సుమారు 2.2 శాతం. అంటే రోబస్టాలో దాదాపు రెట్టింపు. కాఫీ గింజలు మర పట్టే దుకాణంలో "ప్లాంటేషన్" అంటే కడిగి తయారుచేసిన అరబికా. అరకు కాఫీ కూడా అరబికానే. "పీబెర్రీ" అనేది మాత్రం జాతి పేరు కాదు. పండులో రెండు గింజలకు బదులు ఒకటే గుండ్రంగా పెరిగితే దాన్ని అలా పిలుస్తారు. అది అరబికాలోనూ వస్తుంది, రోబస్టాలోనూ వస్తుంది. కాబట్టి పీబెర్రీ కొంటున్నప్పుడు ఏ రకానిదో విడిగా అడగాలి. చికోరీ ఒక మొక్క వేరు, అందులో కెఫీన్ అసలు లేదు. డికాషన్‌ని నల్లగా, చిక్కగా, చేదుగా చేసేది చాలావరకు అదే. అందుకే "రంగు బాగా దిగింది, స్ట్రాంగ్‌గా ఉంది" అనుకున్న కాఫీలో చాలాసార్లు కెఫీన్ తక్కువే ఉంటుంది.

ఇప్పుడు ఇంటి ఫిల్టర్ లెక్క వేద్దాం. నలుగురికి 20 గ్రాముల పొడి వేశారనుకోండి. అది 80:20 పొడి, అంటే 16 గ్రాములు కాఫీ, 4 గ్రాములు చికోరీ. కాఫీలో సగం అరబికా, సగం రోబస్టా. అరబికా 8 గ్రాముల నుంచి 96 మి.గ్రా., రోబస్టా 8 గ్రాముల నుంచి 176 మి.గ్రా., మొత్తం 272. కెఫీన్ వేడి నీటిలో తేలిగ్గా కరుగుతుంది. ఇందులో 85 శాతం దిగిందనుకుంటే డికాషన్‌లోకి వచ్చేది 230 మి.గ్రా. నాలుగు గ్లాసులకు పంచితే ఒక్కో గ్లాసుకు 58 వస్తుంది. అదే డికాషన్‌ని ఇద్దరే తాగితే 115.

పొడి మారిస్తే ఏమవుతుంది? అదే 20 గ్రాములు చికోరీ లేని అరబికా అయితే నాలుగు గ్లాసుల్లో ఒక్కోదానికి 51. పూర్తిగా రోబస్టా అయితే 93. దుకాణంలో దొరికే 53:47 పొడిలో సగం అరబికా, సగం రోబస్టా ఉంటే 38 మాత్రమే. పాకెట్ మీద చికోరీ శాతం ముద్రించి ఉంటుంది, చట్టం ప్రకారం అది 49 దాటకూడదు. ఈ లెక్కలు చూస్తే చికోరీ కలవని కాఫీయే ఎప్పుడూ ఎక్కువ కెఫీన్ ఇస్తుందనుకోవడం తప్పు. 80:20 మిశ్రమంలో ఉన్న రోబస్టా, చికోరీ లేని అరబికాని దాటేసింది చూడండి.

రెండో డికాషన్‌లో కెఫీన్ తక్కువే. చాలావరకు మొదటిసారే దిగిపోతుంది కనుక, ఒకసారి దిగిపోయిన పొడి మీద మళ్ళీ నీళ్ళు పోస్తే వచ్చేది ఎక్కువగా చేదు, రంగు. సాయంత్రం కాఫీ మానలేనివారికి పలచని రెండో డికాషన్ మంచి దారి. పాలు కలిపితే కెఫీన్ తగ్గదు, కప్పు పెద్దదవుతుంది, అంతే.

ఇన్‌స్టంట్ కాఫీ లెక్క సులువు. కాఫీ మాత్రమే ఉన్న పొడి ఒక టీస్పూన్, అంటే సుమారు 1.8 గ్రాములు వేస్తే 55 నుంచి 60 మి.గ్రా. వస్తుంది. 30 శాతం చికోరీ ఉన్నదైతే 40 దగ్గర ఆగుతుంది. చెంచా నిండా గోపురంలా తీస్తే ఈ లెక్క చెడుతుంది, అందుకే చెంచాను అంచుకు సమంగా గీసి వేయాలి.

కాఫీ షాపులో కప్పు సైజు చూడకండి, ఎస్ప్రెస్సో షాట్లు ఎన్ని అని అడగండి. ఒక షాట్ అంటే మెషిన్ ఒత్తిడితో దింపిన 30 మిల్లీలీటర్ల చిక్కటి కాఫీ, అందులో సుమారు 63 మి.గ్రా. కాపుచినో, లాటే, అమెరికానో అన్నీ దాని మీదే తయారవుతాయి. చాలాచోట్ల పెద్ద కప్పుకు రెండు షాట్లు వేస్తారు, అప్పుడు 125. పొడిని చల్లని నీటిలో గంటల తరబడి నానబెట్టి తీసే కోల్డ్ బ్రూ విషయంలోనే ఎక్కువమంది మోసపోతారు. చల్లగా, చేదు లేకుండా ఉంటుంది కాబట్టి తేలికైనదనిపిస్తుంది. నిజానికి 20 గ్రాముల అరబికాతో చేసిన 250 మిల్లీలీటర్ల సీసాలో 200 మి.గ్రా. దరిదాపుల్లో ఉంటుంది. ఇంట్లో నలుగురు తాగాల్సిన కెఫీన్ అది. కెఫీన్ తీసేసిన డికాఫ్‌ కాఫీలో కూడా కప్పుకు 2 నుంచి 15 మి.గ్రా. మిగిలి ఉంటుంది, సున్నా కాదు.

ఇక హద్దు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదలైన ఆహార మార్గదర్శకాల్లో రోజుకు 300 మి.గ్రా. మించవద్దని చెప్పింది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో ఆరోగ్యవంతులైన పెద్దలకు 400 వరకు, ఒక్కసారికి 200 వరకు పర్వాలేదని తేల్చింది. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు రోజు మొత్తానికి 200. మన ఇళ్ళల్లో టీ కూడా నడుస్తుంది కనుక 300నే హద్దుగా పెట్టుకోవడం మంచిది.

ఒక ఉద్యోగి రోజు తీసుకుందాం. పొద్దున రెండు గ్లాసుల ఫిల్టర్ కాఫీ 116, ఆఫీసులో ఇన్‌స్టంట్ 60, రెండు టీలు ఒక్కోటి 40 చొప్పున 80, సాయంత్రం ఇంకో ఇన్‌స్టంట్ 60. మొత్తం 316. సాయంత్రం కప్పు ఒక్కటి మానేస్తే 256కి దిగుతుంది, నిద్రకూ మేలే. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సగటున 5 గంటలు పడుతుంది. సాయంత్రం 6కి తాగిన 60లో 30 రాత్రి 11కి ఇంకా రక్తంలోనే ఉంటుంది. గర్భం చివరి నెలల్లో ఈ సమయం 15 గంటల దాకా సాగుతుంది, వారికి హద్దు తగ్గించడానికి ఇది ఒక కారణం. అదే రోజును గర్భిణికి మార్చాలంటే పొద్దున ఒక గ్లాసు ఫిల్టర్ కాఫీ 58, మధ్యాహ్నం ఒక టీ 40 సరిపోతాయి. 200 లోపు ఇంకా సగం ఖాళీ మిగులుతుంది, గ్లాసు చిక్కగా పడ్డా భయం లేదు. భోజనానికి ఒక గంట ముందు, గంట తర్వాత కాఫీ, టీ రెండూ వద్దు, అవి తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు.

ఎక్కువైందని గుండె దడ, చేతులు వణకడం, పడుకున్నా నిద్ర పట్టకపోవడం చెబుతాయి. ఇలా ఉంటే 300 లోపు తాగుతున్నా తగ్గించాలి, అందరి ఒళ్ళూ ఒకేలా ఉండవు. ఒకేసారి మానేస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. దాన్ని తప్పించుకోవాలంటే నాలుగు రోజులకోసారి ఫిల్టర్‌లో పొడి 4 గ్రాముల చొప్పున తగ్గించి, అంతే బరువు చికోరీ కలపండి. రంగు, చిక్కదనం పెద్దగా తగ్గవు.

పొద్దున ఒక్క గ్లాసుతో సరిపెట్టుకునేవారికి చికోరీ లేని అరబికా ఫిల్టర్ కాఫీ మేలు. రోజుకు నాలుగైదుసార్లు తాగే అలవాటున్నవారికి 53:47 పొడి, లేదా చికోరీ ఉన్న ఇన్‌స్టంట్. కోల్డ్ బ్రూ తాగిన రోజున మిగతా కాఫీలు మానేయడం మంచిది, తాగితే మధ్యాహ్నం 12 లోపే తాగండి.